ప్రాంప్ట్‌తో పుట్టే బొమ్మ, మన బొమ్మ మీద చేసే మార్పు: ఆర్కిటెక్టులకు తేడా తెలియాల్సింది ఇక్కడే

(హనుమకొండలో ఆర్కిటెక్టుల కోసం ఏర్పాటు చేసిన సమావేశంలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్లు చదువుకోవడానికి రికార్డింగ్ నుంచి రాసి ఇస్తున్నాం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకు వినిపిస్తోందా? తెర కనిపిస్తోందా? ఆ పక్క లైటు ఒకటి ఆర్పేస్తే బొమ్మలు ఇంకా బాగా కనబడతాయి. సరే, మొదలుపెడదాం.

ఈ మధ్య మీలో చాలామంది నన్ను ఒకే ప్రశ్న అడుగుతున్నారు. 'సార్, బొమ్మలు చేసే ఏఐ సాఫ్ట్‌వేర్‌లో ప్రాంప్ట్ రాస్తే ఇల్లు బ్రహ్మాండంగా వచ్చింది. క్లయింట్‌కు కూడా నచ్చింది. అంతా బాగుంది, బాల్కనీ రెయిలింగ్ ఒక్కటి మార్చి చూపించండి అన్నాడు. ప్రాంప్ట్‌లో రెయిలింగ్ గురించిన మాట ఒక్కటే మార్చి మళ్లీ నొక్కిన. ఇల్లే మారిపోయింది. ఎందుకిట్ల?' ఇదీ ప్రశ్న. ఈరోజు నేను చెప్పబోయేదంతా ఈ ఒక్క ప్రశ్నకు జవాబే.

ఇల్లు ఎందుకు మారింది? అక్కడ మార్చడానికి ఇల్లు అనేదేదీ లేదు కాబట్టి. మొదటిసారి మీరు నొక్కినప్పుడు ఆ సాఫ్ట్‌వేర్ ఒక బొమ్మ చేసి ఇచ్చింది. రెండోసారి నొక్కినప్పుడు అది ఆ పాత బొమ్మను తెరిచి చూడలేదు. మళ్లీ సున్నా నుంచి ఇంకో బొమ్మ చేసింది. మీకు అది మార్పు. దానికి అది కొత్త పని.

కొంచెం లోపలికి వెళ్దాం. భయపడకండి, లెక్కలు ఎక్కువ ఉండవు. 2022 ఆగస్టులో స్టేబుల్ డిఫ్యూజన్ అనే మోడల్‌ను అందరికీ అందుబాటులో పెట్టారు. మన సొంత కంప్యూటర్లో నడుపుకోవచ్చు, లోపల ఏం జరుగుతుందో చూడొచ్చు. అందుకే దాన్నే ఉదాహరణగా తీసుకుంటున్నా. ప్రాంప్ట్ ఒక్కటే ఇచ్చినప్పుడు అది మొదలయ్యేది ఎక్కడ? రంగురంగుల చుక్కల గందరగోళం దగ్గర. దాన్ని నాయిజ్ అంటారు. అందులో గోడ లేదు, కిటికీ లేదు, ఏమీ లేదు. మోడల్ ఆ చుక్కల్ని కొంచెం కొంచెంగా తొలగించుకుంటూ వస్తుంది. సాధారణంగా 20, 30 అంచెల్లో చేస్తుంది. ప్రతి అంచెలో మీ ప్రాంప్ట్ దానికి దారి చూపిస్తుంది. మొదటి కొన్ని అంచెల్లోనే పెద్ద విషయాలు తేలిపోతాయి: ఆకాశం ఎక్కడ, ఇంటి ఆకారం ఎంత, ఎండ ఏ వైపు. తర్వాత కిటికీలు, సజ్జలు. చిట్టచివర గిలాబు గరుకుదనం, ఆకులు, సలాకలు.

ఆ మొదటి చుక్కల గందరగోళానికి ఒక నంబర్ ఉంటుంది, సీడ్ అంటారు. అదే సీడ్, అదే ప్రాంప్ట్, అవే సెట్టింగులు ఇస్తే అదే బొమ్మ వస్తుంది. మరి సీడ్ మార్చకుండా ఒక్క మాటే మారిస్తే? అప్పుడు బొమ్మ కొంతవరకు పాతదానిలాగే ఉంటుంది కానీ, ఆ మాట ప్రభావం మొదటి అంచె నుంచే బొమ్మ మొత్తం మీద పడుతుంది. రెయిలింగ్ అని రాసినంత మాత్రాన అది రెయిలింగ్ దగ్గరే ఆగదు. పక్కన కిటికీ జరుగుతుంది, పైన హెడ్‌రూమ్ పోతుంది. మీరు చూసింది అదే.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. ప్రాంప్ట్‌లో మనం కొలతలు రాస్తుంటాం. 'నాలుగు అడుగుల బాల్కనీ', 'మూడు పిల్లర్లు', 'ఏడడుగుల లింటెల్' అని. అలవాటు కదా మనకు. దానికి అడుగు అంటే తెలియదు. నాలుగడుగులు అని రాసినా, పన్నెండడుగులు అని రాసినా బాల్కనీ దానికి తోచినంత వస్తుంది. సంఖ్యలు కూడా అంతే, మూడు పిల్లర్లు అడిగితే మూడు రావచ్చు, ఐదు రావచ్చు. కాబట్టి ప్రాంప్ట్‌తో పుట్టిన బొమ్మ మీ ప్లాన్‌కు సరిపోతే అది యాదృచ్ఛికమే.

అయితే అది పనికిరాదా? చాలా పనికొస్తుంది. ఎప్పుడు? ఇంకా ప్లాన్ గీయకముందు. క్లయింట్‌కు ఏం కావాలో క్లయింట్‌కే తెలియనప్పుడు. 'మాడర్న్‌గా ఉండాలి సార్' అంటాడు. మాడర్న్ అంటే అతని మనసులో ఏముంది? పెద్ద అద్దాలా, రాతి క్లాడింగా, తెల్ల గోడలా? నాలుగు రకాలు ఎదురుగా పెట్టండి, పది నిమిషాల్లో తెలిసిపోతుంది. అక్కడితో దాని పని అయిపోయింది. ఆ బొమ్మను పట్టుకుని దానికి తగ్గట్టు ప్లాన్ మార్చడం మొదలుపెడితేనే కష్టాలు.

ఇప్పుడు రెండోది. ఇమేజ్ టు ఇమేజ్. మన బొమ్మ ఇచ్చి, దాని మీద మార్పు చేయించుకోవడం.

ఇక్కడ మొదలు ఎక్కడ? ఖాళీ గందరగోళం దగ్గర కాదు. మీరు ఇచ్చిన బొమ్మ దగ్గర. ఆ బొమ్మ మీద కొంత నాయిజ్ చల్లుతుంది. తర్వాత అక్కడి నుంచి శుభ్రం చేసుకుంటూ వస్తుంది. ఎంత చల్లాలి అనేది మీ చేతిలో ఉంటుంది. తెర మీద `Denoising strength` అని ఒక స్లైడర్ కనిపిస్తుంది చూడండి, 0 నుంచి 1 దాకా. ఇవాళ మీరు ఒక్కటే గుర్తుపెట్టుకుని వెళ్తానంటే, ఈ స్లైడర్‌ను గుర్తుపెట్టుకోండి.

గోడ మీద ఒక బొమ్మ ఉంది, దాని మీద సున్నం వేస్తున్నారనుకోండి. పలచగా ఒక పూత వేస్తే కింద బొమ్మ స్పష్టంగా కనిపిస్తూనే ఉంటుంది. ఇంకో పూత వేస్తే సన్న గీతలు పోతాయి, పెద్ద రంగులు మిగులుతాయి. దట్టంగా వేస్తే ఏమీ మిగలదు. స్ట్రెంగ్త్ అంటే ఆ పూత మందం. ముందు పోయేది సన్న గీతలు. చివరిదాకా నిలిచేది పెద్ద పెద్ద రంగు మచ్చలు. మళ్లీ చెబుతున్నా, ఎందుకంటే ఇక్కడే అందరూ పొరపడతారు: ఇమేజ్ టు ఇమేజ్‌లో ఎక్కువసేపు నిలిచేది రంగు, ముందుగా జారిపోయేది గీత.

అంచెల లెక్క కూడా దీనికి తగ్గట్టే ఉంటుంది. 30 అంచెలు పెట్టి స్ట్రెంగ్త్ 0.5 ఇస్తే, సాధారణంగా చివరి 15 అంచెలే నడుస్తాయి. మొదటి 15 అంచెల్లో తేలాల్సిన పెద్ద విషయాలు, అంటే ఇంటి ఆకారం, ఆకాశం, నేల, ఇవన్నీ మీ బొమ్మ నుంచే వస్తాయి. స్ట్రెంగ్త్ 1 ఇచ్చారా? మీ బొమ్మ దాదాపు మొత్తం మునిగిపోయినట్టే. మీరు బొమ్మ ఇచ్చారు కాబట్టి ఎడిటింగ్ జరుగుతోందని అనుకుంటారు. నిజానికి మళ్లీ ప్రాంప్ట్ దగ్గరికే వెళ్లిపోయారు.

సరే, ఒక కేసు తీసుకుందాం. మన దగ్గర రోజూ వచ్చే కేసే. 200 గజాల ప్లాటు, 30 బై 60, ఉత్తరం ఫేసింగ్. జీ ప్లస్ వన్. ఇంటి ముందు భాగం వెడల్పు 24 అడుగులు. కింద ఎడమ పక్క పార్కింగ్, కుడి పక్క హాలు కిటికీ. పైన 12 అడుగుల బాల్కనీ, దాని వెనక ఒక తలుపు, ఒక కిటికీ. చివరన మెట్ల గది, పైన హెడ్‌రూమ్. ప్లాన్ అయిపోయింది, క్లయింట్ ఒప్పుకున్నాడు. ఇప్పుడు ఆయనకు కావాల్సింది ఎలివేషన్ ఎట్లా కనిపిస్తుందో చూడటం. స్కెచప్‌లో మోడల్ ఉంది, మెటీరియల్స్ వేయలేదు, అంతా తెల్లగా ఉంది. రోడ్డు మీద నిలబడి చూసినట్టు ఒక వ్యూ పెట్టి స్క్రీన్‌షాట్ తీశాం. ఇదిగో, ఇదే ఆ బొమ్మ.

ప్రాంప్ట్ ఇది:

```
two-storey house in Telangana, cream plaster walls,
grey granite cladding on staircase block,
black steel railing on balcony, overcast daylight,
street view photograph
```

మొదట స్ట్రెంగ్త్ 0.3 ఇచ్చాం. ఏం వచ్చింది? చూడండి. ఇల్లు మనదే. కిటికీలన్నీ ఉన్న చోటే ఉన్నాయి. కానీ గ్రానైట్ ఎక్కడుంది? లేదు. క్రీమ్ రంగు ఎక్కడుంది? లేదు. తెల్ల మోడల్ మీద కొంచెం మట్టి పట్టినట్టు ఉంది, అంతే. ఇది చూసి మనం ఏమనుకుంటాం? ప్రాంప్ట్ పని చేయట్లేదు, ఇంకా గట్టిగా రాయాలి అనుకుంటాం. 'గ్రానైట్, గ్రానైట్' అని నాలుగుసార్లు రాస్తాం. సమస్య ప్రాంప్ట్‌లో లేదు. మీరిచ్చిన బొమ్మలో మెట్ల గది తెల్లగా ఉంది. రంగు చివరిదాకా నిలుస్తుందని ఇందాకే అనుకున్నాం కదా? 0.3లో ఆ తెలుపు పోదు.

అయితే స్లైడర్ పెంచుదాం, 0.7కు. ఇప్పుడు గ్రానైట్ వచ్చింది! క్రీమ్ వచ్చింది! బాగుంది! కానీ కొంచెం ఆగి చూడండి. బాల్కనీ వెనక తలుపు ఏమైంది? పెద్ద కిటికీ అయిపోయింది. పార్కింగ్ దగ్గర లేని పిల్లర్ ఒకటి నిలబడింది. హెడ్‌రూమ్ పక్కకు జరిగి ఇంకో గది లాగా తయారైంది. ఈ బొమ్మ చూసి క్లయింట్ ఓకే అంటే, రేపు సైట్ మీద ఆ పిల్లర్ ఏదని మిమ్మల్నే అడుగుతాడు.

మరి దారి ఏమిటి? స్లైడర్ పెంచడం కాదు, ఇచ్చే బొమ్మను సరిచేయడం. స్కెచప్‌లోనే మెట్ల గదికి బూడిద రంగు వేయండి. గోడలకు క్రీమ్, రెయిలింగ్‌కు నలుపు, కిటికీ అద్దాలకు ముదురు నీలం. టెక్స్చర్లు అక్కర్లేదు, వెలుతురు సెట్ చేయాల్సిన పని లేదు, ఒట్టి రంగు చాలు. కెమెరా ముందు కొంచెం రోడ్డు, వెనక ఆకాశం రంగు పెట్టండి. తెల్ల బ్యాక్‌గ్రౌండ్ వదిలేస్తే ఆకాశం కూడా తెల్లగానే ఉండిపోతుంది. ఇదంతా మామూలుగా అలవాటున్నవాళ్లకు కొద్దిసేపటి పని. ఇప్పుడు అదే ప్రాంప్ట్, స్ట్రెంగ్త్ 0.4. చూడండి తేడా. బూడిద రంగు ఉన్న చోట గ్రానైట్ పలకలు వచ్చాయి. కిటికీలు కదల్లేదు. రంగు మీరు ఇచ్చారు, దాన్ని రాయిలాగా, గిలాబులాగా చేయడం ఒక్కటే దానికి వదిలారు. ఆ పని అది చక్కగా చేస్తుంది.

ఈ 0.4 అనేది వేదవాక్కు కాదు. మోడల్‌ను బట్టి, బొమ్మను బట్టి అటూ ఇటూ అవుతుంది. సీడ్ మార్చకుండా 0.3, 0.4, 0.5, 0.6 నాలుగూ తీసి పక్కపక్కన పెట్టుకోండి. ఎక్కడ కిటికీ కదలడం మొదలైందో మీ కంటికే తెలుస్తుంది. దానికి ఒక మెట్టు కింద ఆగండి.

ఇప్పుడు ఇంకో అనుమానం వస్తుంది. ముందు వరసలో సార్ ఇందాక అడగబోయారు. 'రంగులన్నీ ఎందుకు, మా దగ్గర ఆటోక్యాడ్ ఎలివేషన్ ఉంది, అదే ఇస్తే?' ఇచ్చి చూడండి. తెల్ల కాగితం మీద నల్ల గీతలు. తక్కువ స్ట్రెంగ్త్‌లో తెల్ల కాగితం మీద నల్ల గీతలే తిరిగి వస్తాయి, కొంచెం పెన్సిల్ స్కెచ్ లాగా. ఎక్కువ స్ట్రెంగ్త్‌లో గీతలు పోతాయి, వేరే ఇల్లు వస్తుంది. మధ్యలో మంచి జాగా దొరకదు. ఎందుకంటే మీరిచ్చిన దాంట్లో ఉన్నదంతా గీతే, అది నిలుపుకునేదేమో రంగు.

గీతను నిలిపే పరికరం వేరే ఉంది. కంట్రోల్‌నెట్ అంటారు, 2023 ఫిబ్రవరిలో వచ్చింది. అది ఎక్కడి నుంచి మొదలవుతుందో గమనించండి. మళ్లీ చుక్కల గందరగోళం నుంచే, ప్రాంప్ట్ పద్ధతిలాగే. కానీ ప్రతి అంచెలోనూ మీ గీతలు పక్కన నిలబడి దారి చూపిస్తాయి. అందుకే గీత నిలుస్తుంది, రంగు ప్రాంప్ట్ ఇష్టం. ఇమేజ్ టు ఇమేజ్‌కు సరిగ్గా తలకిందులు. క్యాడ్ డ్రాయింగ్ ఉన్నవాళ్లు దీని దగ్గరికి వెళ్లాలి. గీతలు తీసే పద్ధతులు అందులో రకరకాలున్నాయి. తిన్నని గీతలే పట్టుకునేది ఒకటుంది, `MLSD` అని. మన ఇళ్లకు అది బాగుంటుంది. కానీ గుండ్రటి బాల్కనీ, ఆర్చ్ ఉంటే వాటిని వదిలేస్తుంది, అప్పుడు `Canny` పెట్టుకోవాలి. కావాలంటే రంగులేసిన స్క్రీన్‌షాట్‌ను ఇమేజ్ టు ఇమేజ్‌కు ఇచ్చి, గీతలకు కంట్రోల్‌నెట్‌ను తోడు పెట్టొచ్చు. అప్పుడు స్ట్రెంగ్త్ 0.6 దాకా పెంచినా ఇల్లు చాలావరకు నిలబడుతుంది. దాని గురించి ఇంతకంటే ఎక్కువ ఇవాళ చెప్పను, అది ఇంకో పూట మాట్లాడుకోవాల్సినంత ఉంది.

మళ్లీ మన ఇంటికి వద్దాం. 0.4లో వచ్చిన బొమ్మ బాగుంది. దగ్గరికి తెచ్చి చూపిస్తా. రెయిలింగ్ చూడండి. దూరం నుంచి బాగానే ఉంది. దగ్గర నుంచి? సలాకలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. కొన్ని పైన రెండు, కింద ఒకటి అయ్యాయి. స్కెచప్‌లో మనం శుభ్రంగా గీశాం కదా, మరి ఇక్కడ ఎందుకు పాడైంది?

దీనికి చిన్న లెక్క ఉంది. స్టేబుల్ డిఫ్యూజన్ మీ బొమ్మను ఉన్నదున్నట్టు తీసుకోదు. ముందు కుదిస్తుంది. పొడుగులో 8, వెడల్పులో 8 పిక్సెల్స్ కలిపి ఒక గడి చేస్తుంది. పనంతా ఆ గడుల మీద చేసి, చివర్లో మళ్లీ విప్పుతుంది. ఇప్పుడు మన బొమ్మ 1024 పిక్సెల్స్ వెడల్పు. పక్క ఇళ్లు, ఆకాశం పోను, మన ఇంటి ముందు భాగం అందులో 576 పిక్సెల్స్ ఆక్రమించింది. ఇల్లు 24 అడుగులు, అంటే 288 అంగుళాలు. అంగుళానికి ఎన్ని పిక్సెల్స్? రెండు. ఒక గడి ఎన్ని అంగుళాలు? నాలుగు. అంటే 12 ఎంఎం సలాక, అంటే సుమారు అర అంగుళం, ఒక పిక్సెల్ కూడా నిండుగా ఉండదు. నాలుగు అంగుళాలకో సలాక పెట్టాం కాబట్టి ఒక్కో గడిలో ఒక్కో సలాక ఇరుక్కుంది. ఆ గడి విప్పేటప్పుడు సలాక సరిగ్గా ఎక్కడుందో దానికి ఆధారం చాలదు. ఉజ్జాయింపుగా పెట్టేస్తుంది. స్ట్రెంగ్త్ సున్నా ఇచ్చినా ఈ కుదించి విప్పే పని జరుగుతుంది కాబట్టి, సన్నటి జాలీలు, నేమ్ ప్లేట్ మీద అక్షరాలు అప్పుడు కూడా కొంత చెదురుతాయి. తొమ్మిది అంగుళాల గోడ రెండు గడులకు పైనే ఉంటుంది కాబట్టి నిలుస్తుంది. రెండు అంగుళాల గ్రూవ్ నిలుస్తుందని ఆశ పెట్టుకోకండి.

అందుకే క్లయింట్ రెయిలింగ్ మార్చమన్నప్పుడు మొత్తం బొమ్మను మళ్లీ నడపొద్దు. ఇక్కడ వాడాల్సింది ఇన్‌పెయింటింగ్. రెయిలింగ్ ఉన్న జాగా మీద మాస్క్ వేస్తాం. మాస్క్ వేసిన చోటే మార్పు జరుగుతుంది, మిగతాది పాత బొమ్మ నుంచే తీసుకుంటుంది. అందులో `Only masked` అని ఒకటి కనిపిస్తుంది. అది పెడితే మాస్క్ చుట్టూ ఉన్న ముక్కను మాత్రం కత్తిరించి, పెద్దది చేసి, దాని మీద పని చేసి, మళ్లీ చిన్నది చేసి అతికిస్తుంది. ఇప్పుడు 12 అడుగుల బాల్కనీకే మొత్తం 1024 పిక్సెల్స్ దొరికాయి. అంగుళానికి ఏడు పిక్సెల్స్ పైనే. ఇందాకటి కంటే మూడున్నర రెట్లు. సలాకలకు ఊపిరాడుతుంది.

ప్రాంప్ట్ కూడా మార్చాలి. ఇంటి గురించి రాసిన పాత ప్రాంప్ట్ అట్లాగే వదిలేస్తే, ఆ చిన్న ముక్కలోనే ఒక బుల్లి ఇల్లు కట్టేస్తుంది. నిజంగా కడుతుంది, చేసి చూడండి. అందుకని ఆ ముక్కలో ఏముండాలో అంతే రాయాలి:

```
black mild steel balcony railing, plain vertical bars,
cream plaster wall behind
```

మాస్క్‌ను రెయిలింగ్ అంచు దాకే బిగించి వేయకండి, కొంచెం బయటికి రానివ్వండి. బిగించి వేస్తే అతుకు కనిపిస్తుంది. స్లాబ్ అంచు మీదికి మాత్రం రానివ్వొద్దు, వస్తే స్లాబ్ మందం మారుతుంది.

ఇక్కడే ప్రాంప్ట్ గురించి చాలా ముఖ్యమైన మాట. ఈ పద్ధతుల్లో మీరు రాసేది ఆజ్ఞ కాదు, వర్ణన. మార్పు జరిగాక బొమ్మలో ఏముండాలో అది రాయాలి. 'చెట్టు తీసేయ్' అని రాశారనుకోండి, దానికి అందులో గట్టిగా వినిపించే మాట చెట్టు. ఇంకో చెట్టు మొలుస్తుంది! తీసేయాలంటే చెట్టు మీద మాస్క్ వేసి, దాని వెనక ఏముండాలో రాయండి, కాంపౌండ్ గోడ, ఆకాశం అని. అయితే ఆజ్ఞలు వినే మోడల్స్ కూడా వేరే ఉన్నాయి. 2022 చివర్లో వచ్చిన ఇన్‌స్ట్రక్ట్ పిక్స్ టు పిక్స్ అలాంటిదే, 2025లో వచ్చిన ఫ్లక్స్ కాంటెక్స్ట్ అలాంటిదే. వాటికి 'రెయిలింగ్‌ను నల్ల ఇనుము చేయి' అని సూటిగా చెప్పొచ్చు, మాస్క్ అక్కర్లేదు. హాయిగా ఉంటుంది. కానీ మాస్క్ లేదంటే హద్దు లేదని అర్థం. మొత్తం బొమ్మను అది మళ్లీ తయారు చేస్తుంది, మీ బొమ్మను చూసుకుంటూ. చాలాసార్లు మిగతాదంతా అట్లాగే ఉంటుంది, కొన్నిసార్లు ఉండదు. మార్చిన బొమ్మను మళ్లీ మార్చి, దాన్ని మళ్లీ మార్చి పోతుంటే ఆ చిన్న చిన్న తేడాలు పేరుకుంటాయి. వీలైనంతవరకు ప్రతిసారీ మొదటి బొమ్మ నుంచే మొదలుపెట్టండి.

మీరు వాడే యాప్ ఏ రకమో ఎట్లా తెలుసుకోవాలి? కొన్ని యాప్‌లలో మనం బొమ్మ జతచేస్తే, దాన్ని పోలికకు మాత్రమే తీసుకుంటాయి. అలాంటి మూడ్, అలాంటి రంగులు ఉన్న వేరే ఇల్లు ఇస్తాయి. బొమ్మ జతచేయగలిగినంత మాత్రాన అది ఎడిటింగ్ కాదు. పరీక్ష తేలిక. వచ్చిన బొమ్మను మీ స్క్రీన్‌షాట్ మీద లేయర్‌గా వేయండి. ఫోటోషాప్‌లో బ్లెండింగ్ మోడ్ `Difference` పెట్టండి. ఒకేలా ఉన్న చోటంతా నల్లబడుతుంది. రంగులు మారాయి కాబట్టి పూర్తిగా నల్లగా రాదు, ఫర్వాలేదు. అంచులు చూడండి. కిటికీ అంచు దగ్గర జంట గీతలు కనిపించాయా? కిటికీ కదిలింది. మూలలన్నీ కదిలాయా? అది మీ ఇల్లు కాదు, ఇంకో ఇల్లు.

నేను ఏ బొమ్మనైనా క్లయింట్‌కు పంపే ముందు ఇది చేస్తా. తర్వాత మెట్లు లెక్కపెడతా. కిటికీలు లెక్కపెడతా. బాల్కనీ స్లాబ్ కింది గీతను ఎడమ చివర నుంచి కుడి చివర దాకా వేలు పెట్టి చూస్తా, మధ్యలో విరిగిందా అని. రెయిలింగ్ వెనక ఆ గీత ఒక పక్క పైకి, ఒక పక్క కిందికి పోవడం మామూలే. పిట్టగోడ ఎత్తు రెండు పక్కలా ఒకటేనా చూస్తా.

ఇంకొకటి, చాలామంది చూడనిది. ఎండ. మన ఇల్లు ఉత్తరం ఫేసింగ్. ప్రాంప్ట్‌లో 'సన్నీ' అని రాస్తే అది ఏం చేస్తుంది? ముందు గోడ మీద మిట్టమధ్యాహ్నం ఎండ కొట్టి, సజ్జ కింద చక్కటి నీడ గీస్తుంది. అందంగా ఉంటుంది. వరంగల్ సుమారు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మధ్యాహ్నం సూర్యుడు మనకు ఉత్తరం వైపు ఉండేది మే రెండో వారం నుంచి జులై చివరి దాకానే. అప్పుడు కూడా దాదాపు నెత్తి మీదే ఉంటాడు. మిగతా ఏడాదంతా మధ్యాహ్నం ఎండ దక్షిణం నుంచే. అంటే ఆ బొమ్మలో చూపించిన వెలుగు ఆ ఇంటి ముందు భాగానికి డిసెంబర్లో రాదు. గృహప్రవేశం డిసెంబర్లో పెట్టుకున్న క్లయింట్‌కు గోడ రంగు బొమ్మలోకంటే మసకగా కనిపిస్తుంది. అందుకే ప్రాంప్ట్‌లో మబ్బు వెలుతురు అని రాశాం. ప్రాంప్ట్ పద్ధతిలోనైనా, ఇమేజ్ టు ఇమేజ్‌లోనైనా దానికి దిక్కులు తెలియవు. ఆ విషయంలో రెండూ ఒకటే.

ప్రశ్నలకు సమయం ఉంది. ఆ, చెప్పండి మేడమ్. మేడమ్ అడుగుతున్నారు, పాత ఇల్లు రెనోవేషన్ అయితే స్కెచప్ మోడల్ ఉండదు కదా, ఫోన్లో తీసిన ఫోటో ఇవ్వొచ్చా అని. ఇవ్వొచ్చు, నిజానికి అది ఇంకా తేలిక. ఫోటోలో రంగులు, వెలుతురు అన్నీ ముందే ఉన్నాయి. ఇంటి ముందు గోడ వరకు మాస్క్ వేయండి. పక్కింటివాళ్ల గోడ, కరెంటు స్తంభం, వైర్లు మాస్క్ బయట ఉండనివ్వండి. వైర్లు బాగోలేవని తీసేయాలనిపిస్తుంది. తీయకండి. ఆ వైరు బాల్కనీకి ఎంత దగ్గరగా పోతుందో క్లయింట్‌కు కనబడాలి. గోడ రంగు బాగా మారాలంటే, ఫోటో మీదనే ముందు ఆ రంగు బ్రష్‌తో పూసి, తర్వాత స్ట్రెంగ్త్ 0.4 దగ్గర నడపండి.

ఇంకో ప్రశ్న, వెనక తమ్ముడు అడుగుతున్నాడు. వరంగల్ కోటలో కీర్తితోరణాల ఫోటోలు తీశాడట, విరిగిన శిల్పాలను దీంతో పూర్తి చేసి చూపించొచ్చా అని. చాలా మంచి ప్రశ్న. ముందు ఒక ప్రయోగం చేయమంటా. ఫోటో లేకుండా, కాకతీయ తోరణం అని ప్రాంప్ట్ మాత్రం రాసి చూడు. నేను చూసినంతవరకు గోపురం లాంటిదో, కమాను లాంటిదో వస్తుంది. స్తంభాల మీద అడ్డదూలం నిలబెట్టే మన పద్ధతి దానికి సరిగా తెలియదు. తెలియని మోడల్‌కు ఫోటో ఇచ్చి, విరిగిన చోట మాస్క్ వేస్తే ఏం నింపుతుంది? తనకు తెలిసినదే నింపుతుంది. పైన హంసలున్నాయి కదా, వాటి దగ్గర ప్రయత్నిస్తే ఏదో పక్షి వస్తుంది. చూడ్డానికి రాయిలాగే ఉంటుంది, నాచు కూడా పట్టి ఉంటుంది. అదే ప్రమాదం, చూసినవాళ్లు నమ్ముతారు. ఇందాకటి రెయిలింగ్‌కూ దీనికీ తేడా ఉంది. రెయిలింగ్ ఎట్లా ఉండాలో మనం నిర్ణయిస్తాం. హంస ఎట్లా ఉండాలో ఎనిమిది వందల ఏళ్ల కింద శిల్పి నిర్ణయించాడు. కాబట్టి డాక్యుమెంటేషన్ ఫోటోల మీద ఇమేజ్ టు ఇమేజ్ వద్దు, క్వాలిటీ పెంచడానికి కూడా వద్దు, ఎందుకంటే ఆ కుదించి విప్పే పనిలోనే ఉలి గీతలు చెదురుతాయి. అదృష్టం ఏంటంటే కోటలో దాదాపు ఒకేలా ఉన్న తోరణాలు నాలుగు దిక్కులా నాలుగున్నాయి. ఒకదాంట్లో విరిగిన భాగం మిగతా మూడింట్లో ఎక్కడ నిలిచి ఉందో వెతుకు, అనుమతి తీసుకుని దాన్ని కొలువు, ఆ కొలతలతో చేత్తో గీయి. ఆ గీతను కావాలంటే తర్వాత కంట్రోల్‌నెట్‌కు ఇద్దాం, ఊహాచిత్రం అని కింద రాసి.